విజయవాడ దారిలో పోయిన 131 ప్యాలెట్లు: సొంతవా, అద్దెవా అని తేల్చుకున్న ఏడాది

మాది హైదరాబాద్ కాటేదాన్‌లో బిస్కెట్లు, రస్కులు తయారుచేసే కంపెనీ. డిస్పాచ్ నేను చూస్తాను. సరుకు కేసులు పేర్చి, ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తడానికి కింద పెట్టే చెక్క చట్రాలే ప్యాలెట్లు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో మా ఎండీ గారు పిలిచి, "ఏటా ప్యాలెట్లు కొంటూనే ఉన్నాం కదా, పాతవన్నీ ఎటు పోతున్నాయి?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అదే వారంలో ప్యాలెట్లు అద్దెకిచ్చే కంపెనీ మనిషి వచ్చి, "సొంతవి వదిలేయండి సార్, మా పూల్‌లోకి రండి, అందరూ వాడుకునే మా ప్యాలెట్లకే రోజు అద్దె కడితే చాలు" అన్నాడు. మా వాళ్లు వెంటనే మొగ్గారు. ముందు లెక్క తేలాలి, తర్వాతే నిర్ణయం అని నేను పట్టుబట్టాను.

ఒక ఆదివారం లోడింగ్ ఆపించి, హమాలీలతో కలిసి ప్రతి దొంతరా లెక్కపెట్టాం. ఏడాది మొదట్లో మా దగ్గర 820 చెక్క ప్యాలెట్లు ఉన్నాయి. తర్వాత 60 కొన్నాం, 74 విరిగితే తీసేశాం. అంటే 806 ఉండాలి. ఫ్యాక్టరీలో దొరికినవి 391. డిస్ట్రిబ్యూటర్లందరికీ ఫోన్లు చేస్తే, మా దగ్గరున్నాయని వాళ్లు ఒప్పుకున్నవి 238. మిగిలిన 177 ఎక్కడున్నాయో ఎవరికీ తెలియదు.

177 అనే అంకెతో పని జరగదు, ఏ దారిలో పోయాయో తెలియాలి. పాత చలాన్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఊళ్లో బేగంబజార్, బోయిన్‌పల్లి లాంటి చోట్లకు తిరిగే 376 ప్యాలెట్లలో 46 పోయాయి. విజయవాడ, గుంటూరు వైపు తిరిగే 430లో 131 పోయాయి. వస్తువు ఒకటే, ఎక్కించే మనుషులూ వాళ్లే. ఊళ్లో మా వ్యాన్ సరుకు దించి, ఖాళీవి ఎక్కించుకునే వెనక్కి వస్తుంది. దూరం వెళ్లే లారీ మాత్రం బయటి ట్రాన్స్‌పోర్ట్‌ది. సరుకు దించగానే దాని పని అయిపోతుంది.

జూన్‌లో విజయవాడ వెళ్లి ఒక గోడౌన్‌లో చూశాను. చెమ్మ తగలకుండా బియ్యం బస్తాల కింద వరసగా మా ప్యాలెట్లే పరిచి ఉన్నాయి. వంగి లెక్కపెడితే 41. అక్కడి గోడౌన్ ఇన్‌చార్జి మొహమాటం లేకుండా, "మీరు అడగలేదు కదండీ, పంపమని కాగితం కూడా రాలేదు" అన్నాడు. అతని మాట నిజమే. మా చలాన్‌లో బిస్కెట్ల కేసుల లెక్క ఉంటుంది, వాటి కింద వెళ్లిన ప్యాలెట్ల లెక్క ఉండదు. ఎవరూ దొంగతనం చేయలేదు. అడిగేవాడు లేని వస్తువు ఉన్నచోటే ఉండిపోయింది.

ఇక సొంతమా, అద్దెనా అన్న లెక్క. ఒక ప్యాలెట్ ధర ఎంత అని చూస్తే ఇది తేలదు, ఒక్కో ట్రిప్పుకి ఎంత పడుతోందో చూడాలి. మాకు ప్యాలెట్ 1500 రూపాయలు. విజయవాడ దారిలో రోజుకి సగటున 11 వెళ్తాయి. 430ని 11తో భాగిస్తే, ఒక ప్యాలెట్ వెళ్లి మళ్లీ సరుకెక్కడానికి 39 రోజులు పడుతోందన్నమాట. అంటే ఏడాదికి తొమ్మిదిన్నర ట్రిప్పులు కూడా లేవు. నూటికి 30 పోతుంటే ఒక్కోదాని మీద ఏడాది నష్టం 450. రిపేరు 120, విరిగి తీసేసేవాటికి 150 కలిపితే 720 రూపాయలు. దీన్ని ట్రిప్పులకు పంచి, ఖాళీది వెనక్కి తెచ్చే కిరాయి కలిపితే ట్రిప్పుకి సుమారు 110 పడింది. ఊళ్లో తిరిగేది ఐదు రోజులకే మళ్లీ లోడింగ్‌కి వస్తుంది, ఏడాదికి 73 ట్రిప్పులు. అక్కడ ట్రిప్పు ఖర్చు ఆరు రూపాయల చిల్లర, అంతే.

అద్దె కంపెనీ మాకిచ్చిన రేటు ఇది: ప్యాలెట్ తీసుకున్నప్పుడు 45, రోజుకి రెండున్నర, తిరిగిచ్చి అద్దె ముగించేటప్పుడు 20. ఖాళీవి డిస్ట్రిబ్యూటర్ దగ్గర వాళ్లే ఎత్తుకుంటారు. 12 రోజుల్లో ముగిస్తే 95 రూపాయలు. కాబట్టి విజయవాడకు అద్దె, ఊళ్లోకి సొంతం. పైకి తేలిపోయినట్టే ఉంది. కానీ 110కీ 95కీ తేడా 15 రూపాయలు, అంటే ఆరు రోజుల అద్దె. పన్నెండుకి ఆరు కలిపితే పద్దెనిమిది. ఆ రోజు దాటిందంటే మా సొంత ప్యాలెట్లే చవక. ఈ ఒక్క సంగతి ముందే చూసుకోకుండా పూల్‌లో చేరేవాళ్లు బాగా నష్టపోతారని నా గట్టి నమ్మకం.

విజయవాడ దారికి పూల్‌లో చేరాక మాకూ మొదటి మూడు నెలలు సరిగ్గా ఇదే దెబ్బ తగిలింది. రెండో నెల బిల్లులో మా ఖాతాలో 212 ప్యాలెట్లున్నట్టు చూపించారు. నా లెక్కలో 164. తేడా 48. బిల్లు చూడగానే నాకు టెన్షన్ మొదలైంది. కూర్చుని ఒక్కో స్లిప్ సరిచూస్తే, ఖాళీవి ఎత్తుకెళ్లిన స్లిప్పుల్లో రెండింటి మీద సంతకం ఉంది, తేదీ లేదు. ఇంకొకటి డిస్ట్రిబ్యూటర్ డ్రాయర్‌లోనే ఉండిపోయింది. వాళ్ల సిస్టమ్‌లో ఎక్కేదాకా మీటర్ తిరుగుతూనే ఉంటుంది. అద్దె ప్యాలెట్ నిజంగా పోతే, అద్దె మీద పోయినదానికి వేరే చార్జీ కూడా వేస్తారు. మూడు వారాలు వెంటపడితే 48లో 34 సరిచేశారు. మిగతా 14కి మా దగ్గర రుజువు లేదు, కట్టాల్సి వచ్చింది.

అప్పటినుంచి పద్ధతి మార్చాం. ప్రతి చలాన్ మీదా ప్యాలెట్లకు విడిగా ఒక గడి పెట్టాం: ఇచ్చినవి, తిరిగి వచ్చినవి, నిల్వ. డ్రైవర్, గోడౌన్ మనిషి, మా గేటు సెక్యూరిటీ ముగ్గురూ తేదీతో సంతకం పెట్టాలి. స్లిప్ ఫోటో ఆ సాయంత్రమే నాకు వాట్సాప్‌లో రావాలి. సోమవారం ఒక్కో డిస్ట్రిబ్యూటర్‌కి "మీ దగ్గర ఇన్ని ఉన్నాయి" అని మెసేజ్ వెళ్తుంది. ఒక్కోదానికి చిప్ పెడదామన్నారు మా వాళ్లు. వద్దన్నాను. గేటు దగ్గర ఎంచడం అలవాటు కానిదే చిప్ పెట్టినా ఉపయోగం లేదు.

సొంతవాటి మీద మా గుర్తు పైపలకల మీద కాకుండా, మధ్య దిమ్మెల మీద నాలుగు వైపులా కాల్చి వేయించాం. పైన పెయింట్ వేస్తే రెండు నెలల్లో అరిగిపోతుంది. గుర్తు లేకపోతే మనం మంచిది ఇస్తే వాళ్లు విరిగింది తిరిగిస్తారు, లెక్క మాత్రం సరిపోతుంది. అందుకే గేటు దగ్గర ఎంచేటప్పుడే మంచివి, విరిగినవి వేరుగా రాయిస్తున్నాం.

విరిగిన తీరు చూస్తే కారణం తెలిసిపోతుంది. ముందరి పలక చీలితే ఫోర్క్‌లిఫ్ట్ చెయ్యి ఎత్తు సరిచూసుకోకుండా గుచ్చారని అర్థం. దిమ్మె పక్కకి తిరిగితే ప్యాలెట్‌ని ఎత్తకుండా నేల మీద నెట్టారు. ఊళ్లో షాపులకు సరుకు పంపే ప్లాస్టిక్ క్రేట్ అయితే, అడుగు అరిగితే ఈడ్చారు, అంచు పగిలితే పైనుంచి పడేశారు. రెండు నెలలు ఇలా రాస్తే, చీలిన ముందరి పలకల్లో సగానికి పైగా మా రాత్రి షిఫ్టువే అని తేలింది. లోడింగ్ బే చివర ఒక లైటు మాడిపోయి ఉంది. అది వేయించాక అలా విరిగేవి బాగా తగ్గాయి.

క్రేట్లు మొత్తం సొంతవే ఉంచుకున్నాం. అవి ఊరు దాటవు. షాపుకి ఒక్కో క్రేట్‌కి డిపాజిట్ పెట్టాం, తిరిగివ్వగానే ఇచ్చేస్తాం. డిపాజిట్ పెట్టిన మొదటి నెలలోనే, ఎప్పుడో పోయాయని రాసేసిన 60 క్రేట్లు వాటంతటవే గేటుకొచ్చాయి.

విజయవాడ అద్దె ప్యాలెట్ల సగటు పోయిన నెల 15 రోజులకి వచ్చింది. గుంటూరులో ఒక డిస్ట్రిబ్యూటర్‌ది ఇంకా 23 దగ్గరే ఉంది. ఆయనకి సొంత ప్యాలెట్లే పంపి, మా లారీలోనే వెనక్కి తెప్పించే ఏర్పాటు వచ్చే నెల నుంచి మొదలుపెడుతున్నాం.