లాభం ఉన్నా చేతిలో డబ్బు లేదు: నగదు చక్రం లెక్క వేసిన నా అనుభవం

యంత్ర విడిభాగాలు తయారు చేసే ఒక సంస్థలో నేను ఖాతాలు చూస్తాను. లాభనష్టాల పట్టికలో ప్రతి ఏడూ లాభమే కనిపిస్తున్నా, బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ మాత్రం ఎప్పుడు చూసినా పరిమితి అంచునే ఉండేది. దీనికి కారణం తేల్చమని యజమాని అడిగినప్పుడు నేను క్యాష్ కన్వర్షన్ సైకిల్, అంటే నగదు చక్రం లెక్కతో మొదలుపెట్టాను. సరుకు ఎన్ని రోజులు నిల్వ ఉంటోంది, అమ్మిన తరువాత డబ్బు ఎన్ని రోజులకు వస్తోంది అన్న రెండింటినీ కలిపి, సరఫరాదారులకు మనం ఎన్ని రోజుల తరువాత చెల్లిస్తున్నామో అందులోంచి తీసివేస్తే, మన సొంత డబ్బు వ్యాపారంలో ఎన్నాళ్లు ఇరుక్కుంటోందో తెలుస్తుంది.

ఏడాది అమ్మకాలు 730 లక్షలు, అమ్మిన సరుకు ఖర్చు 547.5 లక్షలు. అంటే రోజుకు 2 లక్షల అమ్మకం, 1.5 లక్షల ఖర్చు. నిల్వనూ సరఫరాదారుల బాకీనీ రోజువారీ ఖర్చుతో, ఖాతాదారుల నుంచి రావలసిన బాకీని రోజువారీ అమ్మకంతో భాగించాలి. ఎందుకంటే నిల్వ పుస్తకాల్లో మనకు అయిన ఖర్చుకే ఉంటుంది, రావలసిన బాకీలో మన లాభం కూడా కలిసి ఉంటుంది. ఆ బాకీలో పన్ను కూడా చేరి ఉంటుంది గాని అమ్మకాల అంకెలో ఉండదు కనుక, ముందుగా పన్ను తీసివేశాను. సరఫరాదారుల బాకీ విషయంలోనూ అదే పద్ధతి పాటించాను.

ఏడాది చివరి బ్యాలెన్స్ షీటులో నిల్వ 90 లక్షలు, రావలసినవి 90 లక్షలు, ఇవ్వవలసినవి 60 లక్షలు. వరుసగా 60, 45, 40 రోజులు. చక్రం 65 రోజులు. ఇరుక్కున్న డబ్బు 120 లక్షలు. కానీ ఓవర్‌డ్రాఫ్ట్ వాడకానికి దీనితో పొంతన కుదరలేదు. 120 లక్షలే ఇరుక్కుని ఉంటే బ్యాంకు నుంచి అంత అప్పు అవసరం పడేది కాదు.

అందుకే పన్నెండు నెలల నెలాఖరు అంకెలను లెడ్జర్ నుంచి విడివిడిగా తీసి సగటు కట్టాను. నిల్వ 120 లక్షలు, రావలసినవి 110 లక్షలు, ఇవ్వవలసినవి 45 లక్షలు అని తేలింది. అంటే 80, 55, 30 రోజులు. చక్రం 105 రోజులు. ఆఖరి నెలలో వసూళ్ల కోసం గట్టిగా తిరగడం, కొత్త కొనుగోళ్లు తగ్గించడం, సరఫరాదారుల బిల్లుల చెల్లింపును కొత్త ఏడాదికి వాయిదా వేయడం వల్ల ఆ ఒక్క తేదీన మూడు అంకెలూ చక్కగా కనిపించాయి. ఏడాది మొదటి, చివరి అంకెల సగటు తీసుకోవడం చాలామందికి అలవాటు గాని, ఆ రెండూ ఇలా చక్కదిద్దిన ఏడాది చివరి తేదీకి చెందినవే కాబట్టి ఇలాంటి చోట అది అక్కరకు రాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 105 రోజులను ఏదో ఒక రోజువారీ అంకెతో గుణించి ఇరుక్కున్న మొత్తం చెప్పకూడదు. 1.5తో గుణిస్తే 157.5, 2తో గుణిస్తే 210 వస్తాయి. నిజమైన మొత్తం 120కి 110 కలిపి 45 తీసివేయగా వచ్చే 185 లక్షలు. మూడు భాగాలకూ భాజకాలు ఒకటి కావు కనుకనే ఈ తేడా. ఓవర్‌డ్రాఫ్ట్ వాడకానికి పొంతన కుదిరింది కూడా ఈ 185తోనే.

యజమాని ముందుగా అడిగింది సరఫరాదారులకు ఇంకా ఆలస్యంగా చెల్లించవచ్చు కదా అని. చక్రం వెంటనే తగ్గినట్టు కనిపించే దారి అదే. అయితే ప్రధాన సరఫరాదారు 10 రోజుల్లో చెల్లిస్తే 2 శాతం తగ్గింపు ఇస్తున్నారు. దాన్ని వదులుకుని 40వ రోజున చెల్లిస్తే, 30 రోజుల గడువు కోసం 98కి 2 చెల్లించినట్టు. ఏడాదికి లెక్కిస్తే దాదాపు 25 శాతం. బ్యాంకు వడ్డీ అంతకన్నా బాగా తక్కువ. ఈ లెక్క కాగితం మీద చూపించాక ఆ ఆలోచన ఆయనే విరమించుకున్నారు. అంకె తగ్గించడం కోసం ఖర్చు పెంచుకోవడం నా దృష్టిలో సబబు కాదు.

ఆపై నిల్వను వయసు వారీగా విడదీశాను. ఆరు నెలలుగా కదలని సరుకు 30 లక్షలు, అంటే 80 రోజుల్లో 20 రోజులు దానివే. మిగిలిన సరుకు నిజానికి 60 రోజుల్లోనే తిరుగుతోంది. బాకీల జాబితాలో మాత్రం ఆలస్యం ఎక్కువగా బిల్లు పంపడంలోనే ఉంది. సరుకు వెళ్లిన రోజున కాకుండా వారం చివర బిల్లులు వేస్తున్నందున, గడువు కూడా అప్పటి నుంచే మొదలవుతోంది. సరుకు వెళ్లిన రోజునే బిల్లు వేయడం మొదలుపెట్టి, గడువు దాటిన వారికి వారం వారం గుర్తు చేస్తూ వచ్చాక, రావలసిన రోజులు 55 నుంచి 48కి దిగి 14 లక్షలు చేతికి వచ్చాయి. నిల్వ మాత్రం 78 రోజుల దగ్గరే ఉంది. పాత సరుకును పుస్తకాల్లో ఉన్న ధరకు కొనేవారు లేరు, నష్టానికి తగ్గించి అమ్మాలా వద్దా అన్నది యజమాని ఇంకా నిర్ణయించవలసి ఉంది.