తడిసిన దాణా లెక్క

2022 జూలై గోదావరి వరదకి రాజోలు దగ్గర మా దాణా గోడౌన్‌లోకి నడుంలోతు నీళ్లొచ్చాయి. తవుడు తడిస్తే ఉబ్బి బస్తాలు పగిలిపోతాయి, లోపల వేడెక్కుతుంది. నాలుగో రోజు బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, పులిసిన వాసన. స్టాక్ పుస్తకం కింది సొరుగులో ఉండిపోయి పేజీలన్నీ అతుక్కుపోయాయి. ఎన్ని బస్తాలు పోయాయో ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పడానికి కాగితం లేదు.

మా ఆడిటర్ గారు గ్రాస్ ప్రాఫిట్ పద్ధతిలో లెక్క కడదామన్నారు. మార్చి 31న స్టాక్ 8 లక్షలు, ఆడిట్ అయిన లెక్కల్లో ఉంది. ఏప్రిల్ నుంచి వరద రోజు దాకా కొన్నది లారీ కిరాయితో కలిపి 22 లక్షలు. పాడైన బిల్లుల నకళ్లు మిల్లుల నుంచి తెప్పించుకున్నాం. అమ్మకాలు 20 లక్షలు, అవి కంప్యూటర్‌లో ఉన్నాయి. అమ్మకాల్లోంచి లాభం తీసేస్తే అమ్మిన సరుకు అసలు ధర వస్తుంది. దాన్ని 30 లక్షల్లోంచి తీసేస్తే మిగిలిందే గోడౌన్‌లో ఉండాల్సిన సరుకు.

చిక్కంతా లాభం శాతం దగ్గరే వచ్చింది. కిందటేడు 61 లక్షల అమ్మకాల మీద లాభం 5 లక్షలు, అంటే 8.2 శాతం. నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే మాకు మామూలుగా బస్తా 880కి పడితే 1,000కి అమ్ముతాం. వెతికితే తెలిసింది: ఆ ఏడాది బూజు పట్టిన 3,20,000 సరుకుని లక్షకే వదిలించుకున్నాం. ఆ లక్ష అమ్మకం, 2,20,000 నష్టం పక్కన పెడితే 60 లక్షల మీద లాభం 7,20,000, సరిగ్గా 12 శాతం. ఈ ఏడాది బిల్లుల్లో కూడా అదే తేడా కనబడేసరికి ఇన్సూరెన్స్ తరఫున నష్టం లెక్క చూసే సర్వేయర్ గారు ఒప్పుకున్నారు. 12 శాతం అమ్మకం ధర మీద. కొన్న ధర మీద వేస్తే లెక్క తప్పుతుంది.

అలా అమ్మిన సరుకు ధర 17,60,000, మిగిలిన స్టాక్ 12,40,000. పాత శాతమే వాడి ఉంటే సుమారు 76 వేలు తగ్గేది.

ఇంకో మాట నేనే చెప్పాను. కొనుగోళ్లలో 90 వేల బిల్లు ఒకటి ఎక్కింది గానీ దారి మునిగి ఆ లారీ రావులపాలెంలోనే ఆగిపోయింది. గోడౌన్‌కి రాని సరుకు మునిగిందని ఎలా రాస్తాం? అది తీసేస్తే 11,50,000. పై వరసల్లో పొడిగా మిగిలిన బస్తాలు 2,50,000. నష్టం 9 లక్షలు.

పాలసీ మాత్రం మార్చి స్టాక్ చూసుకుని 10 లక్షలకే తీసుకున్నాం. ఉన్న సరుకు 11,50,000 కాబట్టి, పాలసీలోని యావరేజ్ క్లాజు ప్రకారం నష్టాన్ని కూడా అదే నిష్పత్తిలో తగ్గించారు. 9 లక్షలు కాస్తా సుమారు 7,82,600 అయింది, అందులోంచి మేం భరించాల్సిన ఎక్సెస్ కూడా పోయింది.