పర్లాకిమిడి స్థలం లెక్కల చిట్టా: 3.28 దగ్గర తప్పిన లెక్క

మొదటి ఆదివారం

ఇల్లు కట్టేది ఎప్పుడో తెలీదు గానీ, సాయంత్రాలు గ్రాఫు కాగితం మీద గీసుకోవడం నాకు వ్యసనమైపోయింది. చిక్కల్లా కొలతల భాషతోనే. ఒడియా పట్టాలో 4 డిసిమల్ అని ఉంది. ఏరు దాటితే పాతపట్నంలో ఉన్న బావ గజాల్లో తప్ప వినడు. మేస్త్రీకి అడుగులు కావాలి. ప్లాన్ గీసే కుర్రాడికి చదరపు మీటర్లు.

డిసిమల్ అంటే ఎకరంలో నూరో వంతు, మన సెంటే. అంటే 435.6 చదరపు అడుగులు. నాలుక్కి 1742.4 అడుగులు, 193.6 గజాలు, దాదాపు 161.9 చదరపు మీటర్లు. గుంట మాట మాత్రం ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. ఒడిశా గుంట ఎకరంలో 25వ వంతు, కాబట్టి నాది సరిగ్గా ఒక గుంట. తెలంగాణ లెక్కన గుంట 40వ వంతు, అంటే 121 గజాలే.

రెండో ఆదివారం

మా అబ్బాయీ నేనూ టేపు పట్టాం. ముందు 36 అడుగులు, ఎడమ 48, వెనక 33, కుడి 47. ముప్పై ఆరుని నలభై ఎనిమిదితో గుణించి 1728 అని రాసి మురిసిపోయాను. తరవాత మూలనుంచి మూలకి టేపు లాగితే ఒకటి 60 అడుగులు, రెండోది 57 అడుగుల 4 అంగుళాలు. దీర్ఘచతురస్రానికి రెండూ సమానం రావాలి. మనది వంకర.

36, 48, 60 అంటే మేస్త్రీలు మూలమట్టానికి వాడే 3-4-5 లెక్కే. కాబట్టి ముందు ఎడమ మూల నిఖార్సుగా ఉంది. ఆ 60 గీత స్థలాన్ని రెండు త్రిభుజాలు చేస్తుంది. మొదటిది 36×48లో సగం, 864. రెండోదానికి భుజాలు 33, 47, 60. మూడింటి మొత్తంలో సగం 70. అందులోంచి ఒక్కో భుజం తీసేస్తే 37, 23, 10. డెబ్భైని ఈ మూడింటితోనూ గుణించి వర్గమూలం తీస్తే 772 దగ్గర. మొత్తం 1636 చదరపు అడుగులు.

పట్టాకీ దీనికీ 106 అడుగుల తేడా, దాదాపు 12 గజాలు. రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే పాత నక్షా తిరగేస్తే తెలిసింది: ముందున్న సందులో మూడడుగుల వెడల్పు మా స్థలంలోంచే పోయింది. 36×3 అంటే 108. ఇల్లు వేసుకోడానికి నాకున్నది టేపు చెప్పినంతే. హద్దు మీద గొడవొస్తే మాత్రం సర్వే అమీన్ కొలిచినదే కొలత.

బుధవారం రాత్రి

1636ని 3.28తో భాగించి 499 చదరపు మీటర్లు అని కుర్రాడికి పంపాను. అతను ఫోన్ చేసి, "కాకా, మీది ఫుట్‌బాల్ గ్రౌండా?" అన్నాడు. మీటరుకి 3.28 అడుగులైతే, చదరపు మీటరుకి ఆ సంఖ్యని దాంతోనే గుణించి 10.76. అసలు జవాబు 152. గజాలకైతే మూడుతో కాదు, తొమ్మిదితో భాగించాలి, 181.8 వస్తుంది. ఇప్పుడు షీటులో B2 గడిలో అడుగులు ఒక్కటే టైపు చేస్తాను, గజాలు, చదరపు మీటర్లు, డిసిమల్స్ వరసగా అదే తెస్తుంది:

```
=B2/9
=B2*0.09290304
=B2/435.6
```

చేతి లెక్కకి ఒక అంచనా పెట్టుకున్నాను: చదరపు మీటర్లు ఎప్పుడూ అడుగుల్లో పదో వంతు కన్నా కాస్త తక్కువే రావాలి.

మూడో ఆదివారం

బయటి గోడలతో కలిపి ఇల్లు 28×36 గీశాను. ముందు 6 అడుగులు, వెనక కనీసం 5, ఎడమ రెండున్నర వదిలాను. కుడివైపు ముందు 5 ఉన్నా, వంకర వల్ల వెనక్కి వెళ్ళేసరికి మూడడుగులు కూడా లేదు. 1728 నమ్మి గీసుంటే అక్కడ గోడ హద్దుకి ఆనుకునేది. కట్టేది 1008 అడుగులు, అంటే 112 గజాలు, 93.65 చదరపు మీటర్లు.

స్లాబు అయిదంగుళాలు. 93.65ని 5/12తో గుణించి 39 ఘనపు మీటర్లు అనుకున్నాను. సిమెంటు బస్తాలు 312! మేస్త్రీ నవ్వి, "బాబూ, దీంతో రెండంతస్తులు లేపొచ్చు" అన్నాడు. విస్తీర్ణం మీటర్లలో, మందం అడుగుల్లో ఉండిపోయింది. అడుగుల్లోనే చేస్తే 420 ఘనపు అడుగులు, 35.3తో భాగిస్తే 11.9 ఘనపు మీటర్లు. 39ని దీంతో భాగించి చూశాను: మళ్ళీ 3.28. జవాబు మూడింతలకి కాస్త పైన కనిపిస్తే ఎక్కడో ఒక్క కొలత మారకుండా ఉండిపోయినట్టే.

ఒకటి, ఒకటిన్నర, మూడు పాళ్ళలో ఘనపు మీటరుకి 8 బస్తాలు వేసుకుంటే 95 బస్తాలు, ఇసక 176 ఘనపు అడుగులు, కంకర చిప్స్ 353. వృథా దీనికి అదనం. దూలాలు, స్తంభాలు ఇందులో లేవు.

గురువారం

టైల్స్ కొట్లో 'రెండడుగుల టైలు' అన్నది నిజానికి 600 మిల్లీమీటర్లు. ఒక్కోటీ 4 కాదు, 3.875 చదరపు అడుగులే. లోపలి నేల 750 అడుగులకి నేను రాసుకున్నది 188. కావలసింది 194, కోతలో పోయేవి కాకుండానే.