రీడింగ్ రూమ్‌లో నడుము పట్టేయకుండా: గ్రూప్-2 ప్రిపరేషన్‌లో నేను నేర్చుకున్న మూడు కదలికలు

గ్రూప్-2 కోసం తిరుపతిలో గది తీసుకుని చదువుతున్న మిత్రులకు నమస్కారం. ఏ పుస్తకం చదవాలి, ఏ టెస్ట్ సిరీస్ రాయాలి అన్న విషయాలపై ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి, నా ప్రిపరేషన్‌లో దాదాపు రెండు నెలల సమయాన్ని తినేసిన నడుము పట్టు గురించి, అది ఎలా తగ్గిందన్న దాని గురించి మాత్రమే రాస్తున్నాను.

నేను బాలాజీ కాలనీ దగ్గర ఒక రీడింగ్ రూమ్‌లో రోజుకు పది గంటలు కూర్చునేవాణ్ణి. మొదటి నెల ఏ ఇబ్బందీ లేదు. రెండో నెలలో మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు నడుము కింది భాగం బిగుసుకుపోయి, చేయి నడుము మీద పెట్టుకుని కొంచెం ముందుకు వంగే నాలుగడుగులు వేయాల్సి వచ్చేది. మూడో నెలకు ఆ నాలుగడుగులు పదయ్యాయి. సాయంత్రం ఆరు దాటాక చదివింది బుర్రకెక్కేది కాదు, ఎందుకంటే ధ్యాసంతా కుర్చీలో ఎటు జరిగితే హాయిగా ఉంటుందన్న దాని మీదే ఉండేది.

అప్పుడు నేను చేసిన పనులు మీలో చాలామంది ఇప్పుడు చేస్తూ ఉంటారు, అందుకే వాటిని వివరంగా చెబుతాను. మొదటిది, లేచిన వెంటనే ముందుకు వంగి కాలి వేళ్లను అందుకోవడం. వంగినప్పుడు వెనకభాగం సాగి సుఖంగానే ఉండేది కానీ, మళ్లీ కూర్చున్న పావుగంటకే పట్టు మునుపటికన్నా గట్టిగా తిరిగి వచ్చేది. రెండోది, కుర్చీ వీపును పట్టుకుని నడుమును ఒక్క ఊపున తిప్పి, మెటికలు విరిచినట్టు చప్పుడు వచ్చేలా చేయడం. దానివల్ల రెండు మూడు నిమిషాలు తేలికగా అనిపించేది, తర్వాత మళ్లీ తిప్పాలనిపించేది, అలా రోజుకు ఇరవైసార్లు తిప్పేవాణ్ణి. మూడోది, వారమంతా కదలకుండా కూర్చుని ఆదివారం తెల్లవారుజామున అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కడం. కొండెక్కడం ఒంటికి మంచిదే, దాన్ని నేను ఇప్పటికీ మానలేదు. అయితే సోమవారం మధ్యాహ్నానికి నడుము యథాస్థితికి వచ్చేసేది.

చివరికి ఒక ఫిజియోథెరపిస్ట్ మేడమ్ దగ్గరికి వెళ్లాను. ఆమె మందుల గురించి కాకుండా ముందు ఒక మాట అడిగారు: "నువ్వు చదివేటప్పుడు ఎట్లా కూర్చుంటావో అట్లానే కూర్చో నాయనా, నేను చూస్తాను." కూర్చున్నాను. ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా చూసి, నా నడుము వెనుక అరచేయి పెట్టి, లోపలికి ఉండాల్సిన వంపు బయటికి గుండ్రంగా తిరిగి ఉందని నా చేతికే తడిమి చూపించారు. "పొద్దంతా ముందుకే వంగి ఉన్నావు. లేచినాక మళ్లా ముందుకే వంగితే ఎట్లా?" అన్నారు. రెండు నెలలుగా నేను చేస్తున్న పొరపాటు ఆ ప్రశ్నలోనే ఉంది.

ఆమె చెప్పిన కారణం నాకు నవారు మంచంతో పోల్చుకుంటే బాగా అర్థమైంది. నవారు మంచం మీద ఒకేచోట గంటలకొద్దీ కూర్చుంటే అక్కడ నవారు మెల్లగా సాగి పల్లం పడుతుంది, మనం లేచిన క్షణంలోనే అది బిగువుగా మారదు. వెన్నుపూసలను వెనుకవైపు పట్టి ఉంచే లిగమెంట్లు కూడా, గుండ్రంగా వంగి కూర్చున్నప్పుడు, తక్కువ బరువుకైనా ఎక్కువసేపు లోనై అలాగే కొద్దికొద్దిగా సాగుతాయి. ఇరవై నిమిషాలు అలా కూర్చున్నా సాగుడు మొదలవుతుంది, అది తిరిగి సర్దుకోవడానికి మాత్రం అంతకన్నా ఎక్కువ సమయమే పడుతుంది. ఈలోగా నడుము కండరాలు ఒకే స్థితిలో బిగిసి ఉంటాయి, తొడల ముందుభాగంలో తుంటిని మడిచే కండరాలు కురచ స్థితికి అలవాటుపడతాయి. అందుకే లేవగానే నిటారుగా నిలబడలేము. దీన్నిబట్టి, పది గంటల తర్వాత చేసే అరగంట వ్యాయామం కంటే, సాగుడు పెరగకముందే మధ్యమధ్యలో చేసే చిన్న కదలిక ఎందుకు ఎక్కువ పనిచేస్తుందో తెలుస్తుంది.

ఆమె నేర్పిన కదలికలు మూడే. మొదటిది కుర్చీలోనే చేసేది. కుర్చీ ముందు అంచుకు జరిగి, పాదాలు రెండూ నేలకు ఆనించి, చేతులు నడుముకు ఇరువైపులా ఉన్న తుంటి ఎముకల మీద ఉంచాలి. నడుము లోపలికి వంగేలా తుంటిని మెల్లగా ముందుకు దొర్లించి, మళ్లీ నడుము గుండ్రమయ్యేలా వెనక్కి దొర్లించాలి. ఇలా పదిసార్లు చేస్తే చాలు. భుజాలు, తల ఊగుతున్నాయంటే తుంటి కదలడం లేదని అర్థం. మొదటి మూడు రోజులు నాకు భుజాలే ఊగాయి, చేతి కింద ఎముక కదలికను పట్టించుకోవడం మొదలుపెట్టాకే అసలు కదలిక తెలిసింది.

రెండోది లేచి నిలబడి చేసేది, నాకు ఎక్కువ మేలు చేసింది ఇదే. పాదాలు భుజాల వెడల్పులో ఉంచి, రెండు అరచేతులనూ నడుము కింద, పిరుదుల పైఅంచున, వేళ్లు కిందికి ఉండేలా ఆనించాలి. మోకాళ్లు వంచకుండా, అరచేతులను ఆధారం చేసుకుని నడుము దగ్గర నుంచి వెనక్కి వంగాలి. ఒక్క శ్వాససేపు ఆగి నిటారుగా రావాలి. ఇలా ఐదారుసార్లు చేయాలి. మొదటిసారి నడుము చెక్కలా ఉంటుంది, బలవంతపెట్టకూడదు. నాలుగోసారికి అదే ఇంకొంచెం వంగుతుంది. మనలో చాలామంది మెడను మాత్రం వెనక్కి వాల్చి నడుము వంచామనుకుంటారు. అలా కాకుండా చూపును ఎదుటి గోడ పైకప్పును తాకే గీత మీద నిలిపితే మెడ అంతకుమించి వాలదు, వంపు నడుముకే వస్తుంది.

మూడోది తుంటి ముందుభాగానికి. ఒక కాలు అడుగున్నర వెనక్కి వేసి, వెనక మడమ పైకి లేపి, ఆ వైపు పిరుదును గట్టిగా బిగించి, శరీరాన్ని కొద్దిగా ముందుకు జరపాలి. లాగినట్టు అనిపించడం వెనకకాలి గజ్జల్లో, తొడ పైభాగంలో రావాలి. నడుములో వస్తే పిరుదు బిగించడం మరిచిపోయి నడుమును వంచేస్తున్నామని గ్రహించాలి. ఒక్కోవైపు ఇరవై సెకన్లు చాలు. ఈ మూడూ కలిపి రెండు నిమిషాలకు మించదు, చెప్పులు విడవనక్కర్లేదు, చాప అక్కర్లేదు, పక్కవారికి చప్పుడు కూడా ఉండదు.

ఎంతసేపటికి ఒకసారి అన్నది నేను తేల్చుకోవడానికి కొన్నాళ్లు పట్టింది. గంటకొకసారి చేసినప్పుడు సగం మేలే కనిపించింది. అరగంటకు మార్చాక తేడా స్పష్టంగా తెలిసింది. రీడింగ్ రూమ్‌లో అలారం మోగించకూడదు కాబట్టి, బిట్లు చేసేటప్పుడు 25 బిట్లు పూర్తయి జవాబులు సరిచూసుకోగానే లేవడం అలవాటు చేసుకున్నాను; నాకు దానికి సుమారు అరగంట పట్టేది. పాలిటీ, ఎకానమీ థియరీ చదివేటప్పుడు మాత్రం ఈ లెక్క కుదరక గంటన్నర గడిచిపోయేది. అందుకని నీళ్ల సీసాను బల్ల మీద కాకుండా తలుపు దగ్గరి అరలో పెట్టి, ఒక చిన్న గ్లాసు మాత్రమే దగ్గర ఉంచుకున్నాను. గ్లాసు ఖాళీ అయితే లేవక తప్పదు, లేస్తే ఆ గోడ దగ్గరే రెండో కదలిక, మూడో కదలిక పూర్తయ్యేవి.

తగ్గుతోందో లేదో తెలుసుకోవడానికి నొప్పికి మార్కులు వేసుకోలేదు, ఎందుకంటే మార్కులు ఆనాటి మనసును బట్టి మారతాయి. దానికి బదులు, మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు పూర్తిగా నిటారుగా కావడానికి ఎన్ని అడుగులు పడుతున్నాయో నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకున్నాను. మొదటి వారం తొమ్మిది, పది. రెండో వారం ఆరు. నాలుగో వారానికి రెండు. మధ్యలో మాక్ టెస్టుల వల్ల మూడు రోజులు విరామాలు వదిలేస్తే మళ్లీ ఏడుకు పోయింది, అప్పుడే ఇది విరామాల వల్లేనన్న నమ్మకం కలిగింది.

తెల్లవారుజామున చదివేవారికి ఒక జాగ్రత్త. రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య ఉండే డిస్కులు నీటిని పీల్చుకుని ఉబ్బి ఉంటాయి, అందుకే పొద్దున్నే నడుము కొంత బిగుసుగా ఉండడం సహజం. నాలుగున్నరకు లేచి నేరుగా పుస్తకం మీదికి వంగి కూర్చోవడం గానీ, ఆ మొదటి గంటలోనే పూర్తిగా ముందుకు వంగే ఆసనాలు వేయడం గానీ డిస్కుల మీద ఎక్కువ ఒత్తిడి పెడుతుంది. నేను ఆ సమయంలో పది నిమిషాలు వీధిలో నడిచి వచ్చి, తర్వాతే కూర్చునేవాణ్ణి.

ఈ కదలికలు అందరికీ ఒకేలా పనిచేయవన్న సంగతి నా గదిలోనే చూశాను. పలమనేరు నుంచి వచ్చిన నా రూమ్‌మేట్ నన్ను చూసి వెనక్కి వంగడం మొదలుపెట్టాడు. మూడోసారికే పిరుదులో ఉన్న నొప్పి పిక్కదాకా దిగి, పాదంలో తిమ్మిరి పట్టింది. నొప్పి కాలి నుంచి నడుము వైపు పైకి జరిగితే ఆ కదలిక అనుకూలంగా ఉందని, నడుము నుంచి కాలిలోకి దిగితే వెంటనే ఆపాలని మేడమ్ నాతో ముందే చెప్పి ఉన్నారు. వాడిని ఆపించి, ఎముకల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను. డిస్క్ నరాన్ని నొక్కుతోందని తేలింది, చికిత్స వేరేగా జరిగింది. వెనక్కి వంగినప్పుడు నడుములో ఒకే బిందువు దగ్గర గుచ్చినట్టు ఉండి, ముందుకు వంగితే హాయిగా ఉండేవారు కూడా రెండో కదలికను వదిలి, ఫిజియోథెరపిస్టును అడగాలి. కాలిలో బలం తగ్గడం, జ్వరంతో కూడిన నడుము నొప్పి, రాత్రి నిద్ర లేపే నొప్పి ఉంటే విరామాలతో కాలయాపన చేయకుండా డాక్టర్‌కు చూపించాలి. మూత్రం, మలం మీద అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక పరీక్ష రోజు. ప్రిలిమ్స్‌లో 150 ప్రశ్నలకు 150 నిమిషాలు లేవకుండా కూర్చోవాలి. నేను మాక్ టెస్టుల్లోనే అలవాటు చేసుకున్న ప్రకారం, ప్రతి 50 ప్రశ్నలకు ఒకసారి పెన్ను పక్కన పెట్టి, కుర్చీ అంచుకు జరిగి మొదటి కదలికను ఐదుసార్లు చేశాను; దానికి పదిహేను సెకన్లకు మించి పట్టలేదు. మెయిన్స్‌లో ఒకే రోజు రెండు పేపర్లు, ఒక్కొక్కటి మళ్లీ 150 నిమిషాలు. మధ్య విరామంలో చాలామంది చెట్టు కింద కూర్చుని నోట్స్ తిరగేస్తుంటే, నేను భోజనం చేశాక ప్రహరీగోడ పక్కనే నిలబడి అటూ ఇటూ నడుస్తూ చదివాను, హాల్లోకి వెళ్లే ముందు ఆరుసార్లు వెనక్కి వంగాను. రెండో పేపర్ ముగిసి ఓఎంఆర్ ఇచ్చి లేచినప్పుడు అలవాటు కొద్దీ అడుగులు లెక్కపెట్టాను. మూడో అడుగుకు నిటారుగా ఉన్నాను.