4 శాతం లోపే ఉంది, అయినా తప్పే

ఈఎస్‌ఈ మెయిన్స్ కోసం బీము లెక్కలు సాధన చేస్తున్న రోజుల్లో ఒక లెక్క నన్ను బాగా ఆటపట్టించింది. వెడల్పు 230 మి.మీ., మొత్తం లోతు 450, ఎఫెక్టివ్ లోతు 400. ఎం20 కాంక్రీటు, ఎఫ్‌ఈ415 స్టీలు. ఫ్యాక్టర్డ్ మూమెంట్ 75 కిలోన్యూటన్ మీటర్లు. లాగుడు వైపు ఎంత స్టీలు, అంటే Ast, కావాలో తేల్చాలి. ఐఎస్ 456లోని సూత్రం మీకు తెలిసిందే:

```
Mu = 0.87 fy Ast d (1 − Ast fy / (b d fck))
```

ఇది వర్గ సమీకరణం కాబట్టి కాలిక్యులేటర్ రెండు జవాబులిస్తుంది: 601, 3833 చ.మి.మీ. ఆ రోజు తొందరలో నేను పెద్దదాన్ని రాసుకున్నాను. గరిష్ఠ పరిమితి 0.04bD, అంటే 4140. 3833 దాని లోపలే ఉంది కదా అని పక్కన టిక్కు కూడా పెట్టాను!

అంత స్టీలు వేస్తే న్యూట్రల్ యాక్సిస్ ఎక్కడుంటుందో చూడండి. 0.87 fy Astను 0.36 fck bతో భాగిస్తే 836 మి.మీ. వస్తుంది. బీము లోతే 450! అది చూశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నా పొరపాటు ఆ 4 శాతాన్ని బలానికి సంబంధించిన హద్దు అనుకోవడం. అది కడ్డీలు మరీ కిక్కిరిసి కాంక్రీటు సరిగా దిగకపోవడాన్ని అడ్డుకునే హద్దు. సింగ్లీ రీఇన్‌ఫోర్స్‌డ్ బీముకు అసలు పగ్గం న్యూట్రల్ యాక్సిస్ లోతుకున్న గరిష్ఠ హద్దు, xu,max. ఎఫ్‌ఈ415కి అది 0.48d, ఇక్కడ 192 మి.మీ. దానికి సరిపడే స్టీలు దాదాపు 881 చ.మి.మీ. మాత్రమే. అది దాటితే స్టీలు సాగి హెచ్చరించక ముందే కాంక్రీటు నలిగిపోతుంది.

అప్పటి నుంచి ముందుగా Mu,lim రాస్తున్నాను. 0.138 fck b d² ప్రకారం అది 101.6 వచ్చింది. 75 దానికంటే తక్కువ కాబట్టి కంప్రెషన్ స్టీలు అక్కర్లేదు. ఇక వర్గ సమీకరణంలో చిన్న మూలాన్నే తీసుకుంటాను. 601కి మూడు 16 మి.మీ. కడ్డీలు వేస్తే 603 వస్తుంది. xu 131 దగ్గర ఆగుతుంది, 192కి చాలా దూరం.

కనిష్ఠ పరిమితి 0.85bd/fy, ఇక్కడ 188 చ.మి.మీ. బీము పగిలిన క్షణంలో అప్పటిదాకా కాంక్రీటు మోసిన లాగుడు బలమంతా స్టీలు మీద పడుతుంది. మరీ తక్కువ స్టీలైతే అక్కడికక్కడే తెగుతుంది. అందుకే మూమెంట్ చిన్నదై లెక్కలో 120 వచ్చినా 188 ఇవ్వాల్సిందే. ఒక్క తికమక మాత్రం నన్ను చాలాకాలం వదల్లేదు: కనిష్ఠానికి చిన్న d, గరిష్ఠానికి పెద్ద D. ఇక్కడ 4 శాతాన్ని dతో లెక్కిస్తే 4140 బదులు 3680 వస్తుంది.