జనగామ బస్సులో 460 రూపాయలు, 23 డకారాలు

బమ్మెర చూసొచ్చాను. పోతన ఊరు. కానీ ఊరి గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా లేదు, రాయాలనిపించింది అంతా జనగామ నుంచి పాలకుర్తి వెళ్ళే బస్సు గురించే.

సికింద్రాబాద్‌లో రైలెక్కి జనగామలో దిగేసరికే ఎండ ముదిరింది. స్టేషన్ బయట తిన్న ఇడ్లీకి పెట్టిన ధర చూస్తే మా తెనాలిలో ఇద్దరం తినొచ్చు, చట్నీ మళ్ళీ అడిగితే మొహం చిట్లింపు అదనం. బస్సులో నా దగ్గర 500 నోటే ఉంది, ఫోన్ చార్జింగ్ అయిపోయింది. కండక్టర్ టికెట్ కొట్టి, వెనకాల 460 అని రాసి, "దిగేటప్పుడు తీసుకోండ్రి" అని ముందుకు వెళ్ళిపోయాడు.

ఈ టెన్షన్ తెలియని వాళ్ళుండరు. దిగే హడావిడిలో మరిచిపోతామేమో, ఆయన మరిచిపోతాడేమో. లేచాను. నాలుగడుగులు వేశాక ఆయన ఎవరితోనో గొడవ పడుతున్నాడని వెనక్కి వచ్చాను. మళ్ళీ లేచాను. బస్సు గుంటలో పడింది, రాడ్ పట్టుకుని వేలాడాను. ఇప్పుడే అడిగితే విసుక్కుంటాడేమోనని మళ్ళీ కూర్చున్నాను.

పక్క సీటు పెద్దాయన నవ్వాడు. తెల్ల పంచె, మోకాళ్ళ మధ్య గొడుగు. "ఏందయ్యా, పోతున్నవ్, మర్లి వస్తున్నవ్? అచ్చం లచ్చిమిదేవి లెక్కనే ఉన్నది నీ కథ" అని, గొడుగు పిడితో ముందు సీటు రాడ్ మీద తడుతూ అందుకున్నాడు:

అడిగెద నని కడువడిఁ జను
నడిగినఁ దన మగుడ నుడువఁ డని నడ యుడుగున్
వెడవెడ సిడిముడి తడఁబడ
నడుగిడు నడుగిడదు జడిమ నడు గిడునెడలన్

ఇది నాకు కంఠతా వచ్చు. గజేంద్ర మోక్షం చదివిన ఎవరికైనా వస్తుంది. పదో తరగతిలో వృత్త్యనుప్రాసకు ఉదాహరణ రాయమంటే ఇదే రాసేవాళ్ళం, రెండు మార్కులు. "ఒకే హల్లు అనేకసార్లు వచ్చి సొంపు కూర్చినది." అంతే. సొంపు అంటే పెళ్ళి పందిట్లో కాగితం పూల లాంటిదని నేను ముప్పై ఏళ్ళుగా అనుకుంటున్నాను.

పెద్దాయన తడుతుంటే వేరేగా వినిపించింది. విష్ణువు ఎవరికీ చెప్పకుండా, లక్ష్మి పైట చెంగు చేతిలో పట్టుకునే పరుగెత్తాడు. ఆమె వెనకాలే వస్తోంది. అడుగుదామని వడిగా వెళ్తుంది, అడిగినా బదులు చెప్పడేమోనని ఆగుతుంది. పెద్దాయన మూడో పాదానికి వచ్చేసరికి గొడుగు పిడి ఒక అక్షరం వదిలి ఒక అక్షరం మీద పడుతోంది: వె-డ-వె-డ-సి-డి-ము-డి-త-డ-బ-డ. ప్రతి రెండో అక్షరం డకారం. ఎడమకాలు, కుడికాలు. నాలుగో పాదంలోనూ అదే నడక, నడుగిడు, నడుగిడ... తర్వాత "దు" దగ్గర పిడి గాల్లోనే ఆగిపోయింది. అక్కడ తట్టడానికి డ లేదు. లయ ప్రకారం డ రావాల్సిన చోట "జ" ఉంది. ఆ తప్పిపోయిన అడుగు పడింది సరిగ్గా "అడుగిడదు", అంటే అడుగు వెయ్యదు అన్న మాట తర్వాతే.

"ఆడ కాలు లేవది సూడు" అన్నాడు పెద్దాయన.

"మళ్ళీ ఒకసారి చదవండి పెద్దనాన్నా" అని టికెట్ తిప్పి, 460 పక్కన గీతలు పెట్టాను. మొదటి పాదంలో డకారాలు 3. రెండులో 6, మూడులో 6, నాలుగులో 8. మొత్తం 23. కందానికి ప్రాస నియమం ఉంది కాబట్టి పాదానికొకటి చొప్పున 4 ఎలాగూ రావాలి. మిగతా 19 పోతన కావాలని తెచ్చుకున్నవే. అవి సమంగా పరిచి లేవు కూడా. లక్ష్మి వడిగా వెళ్ళే మొదటి పాదంలో తక్కువ, తడబాటు పెరిగేకొద్దీ ఎక్కువ. అలంకరించడమే పని అయితే మొదటి పాదంలోనే గుమ్మరించేవాడు కదా.

ఇంకోటి పెద్దాయన గొంతులో దొరికింది. పద్యమంతా లఘువులు. గురువులు రెండే, రెండో పాదం చివర ఒకటి, నాలుగో పాదం చివర ఒకటి. అక్కడ గురువు ఉండాలని కందం నియమమే, అందులో గొప్పేమీ లేదు. ఆ నియమం వచ్చే చోట ఏ మాట పెట్టాడన్నదే విషయం. మొదటి గురువు "నడ యుడుగున్" లో పడింది, అంటే నడక ఆగింది. అప్పటిదాకా ఊపిరి తీసుకోకుండా గునగునా వచ్చిన గొంతు మొదటిసారి బరువుగా ఆనేది అక్కడే.

నాలో ఉన్న పాత విద్యార్థి ఊరుకోలేదు. డ అంటే తడబాటేనా? మరి "వడివడిగా" లో ఉన్నదీ డకారాలే, అది వేగం. "బుడిబుడి నడకలు" ముద్దు, "గడగడ వణికాడు" భయం. అక్షరానికి దానంతట అదే ఏ భావమూ లేదు. డ పలకడానికి నాలుక మడిచి అంగిటికి కొట్టాలి, ప్రతిసారీ కాస్త శ్రమ. ఆ శ్రమను ఎక్కడ పెట్టాలి, ఎక్కడ తప్పించాలి అన్నది పద్యంలోని సంగతి తేలుస్తుంది. అప్పుడే బస్సు ఒక షాపు గోడ దాటింది: "నాణ్యత, నమ్మకం, నవ్యత". మూడు నకారాలు. చీరలకైనా సరిపోతుంది, సిమెంటుకైనా సరిపోతుంది. నా రెండు మార్కుల జవాబు నిజానికి ఈ గోడ గురించి రాయాల్సింది.

"బళ్ళె నేర్చుకున్నారా?" అని ఆయన మాటే పట్టుకుని అడిగాను. "ఏం బడి! మా నాయిన బండి తోలుకుంట పాడేటోడు. ఎడ్లు ఆగితే ఈడనే ఆపేటోడు."

పాలకుర్తిలో దిగుతూ టికెట్ ఇస్తే కండక్టర్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఈ గీతలేంది సారూ, నేను రాసిందేడ?" గీతల పక్కన 460 వెతికి, పదుల కట్టతో సహా లెక్కపెట్టి ఇచ్చాడు. నేను అడగనే లేదు.

అక్కడి నుంచి బమ్మెరకు ఆటో, బేరమాడినా తగ్గలేదు. పోతన పొలమని చెప్పే చోటు, సమాధి చూశాను. పోతనది ఒంటిమిట్ట అని కడప స్నేహితుడు చేసే వాదన గుర్తొచ్చింది, ఎండలో దాని జోలికి పోలేదు. బస్సు ప్రభావం ఇంకా దిగలేదు కాబట్టి గట్టు మీద నిలబడి "అల వైకుంఠపురంబులో" పైకి చదివి చూశాను. ఇందులో హల్లుల కొట్టుడు లేదు, అచ్చుల సాగుడు ఉంది. పురంబులో, నగరిలో, ఒక్కో "లో" కి ఒక్కో గుమ్మం దాటుతున్నట్టు లోపలికి పోతాం. "దాపల" దగ్గర ఎత్తుకున్న సమాసం మందారవనాంతరామృతసరః ప్రాంతేందుకాంతోపలోత్పల అని తేం, కాం, తో అంటూ దీర్ఘాలతో సాగుతూనే ఉంటుంది. చల్లగా, తీరిగ్గా, ఎవరికీ తొందర లేని చోటు. అంత తీరిక తర్వాత "విహ్వల" అని గొంతు చిక్కుపడుతుంది, వెంటనే "పాహి పాహి", పొట్టి కేకలు రెండు.

రెండోసారి చదువుతుంటే ఉత్పల దగ్గరే ఊపిరి చాల్లేదు. మళ్ళీ మొదలుపెట్టాను. నగరిలో దాకా వచ్చాను, ఆటో అతను హారన్ కొట్టాడు.

"సార్, ఇంకా ఉంటే వెయిటింగ్‌కు 50 అయితది."