జ్వరం దిగిన రోజు పంపిన మెసేజ్

డెంగీలో జ్వరం దిగిన రోజే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని మా డాక్టర్ గారు ముందే చెప్పారు. ఆగస్టు వానల్లో మా ఆయనకి గురువారం ఒళ్లు కాలిపోయే జ్వరం మొదలైంది. మర్నాడు డెంగీని పట్టే ఎన్ఎస్1 పరీక్ష పాజిటివ్ వచ్చింది. పారాసెటమాల్ తప్ప నొప్పుల మాత్రలు ఏవీ వేయొద్దన్నారు, రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉందట. సోమవారం పొద్దున చెయ్యి పెట్టి చూస్తే ఒళ్లు చల్లగా ఉంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకునేలోపు కడుపునొప్పి, ఆపకుండా వాంతులు. మధ్యాహ్నానికి విద్యానగర్‌లో మా ఇంటికి దగ్గరగా ఉన్న ఆసుపత్రిలో చేర్చాం.

నేను ఇంట్లోనే డీటీపీ పని చేస్తాను. అప్పుడు చేతిలో ఉన్నది అశోక్ నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్ వాళ్ల 96 పేజీల మెటీరియల్. బుధవారం సాయంత్రానికి ప్రెస్సుకి వెళ్లాలి, మరుసటి వారం చివర్లో క్లాసులు మొదలవుతాయి. పని చాలావరకు అయిపోయింది, చివరి 32 పేజీల్లో దిద్దుబాట్లు మిగిలాయి.

ఇక క్లయింటుని గడువు పొడిగించమని అడగాలి. ఎన్ని రోజులు అడగాలో తేల్చింది మా డాక్టర్ గారు చెప్పిన మాటే. జ్వరం దిగాక 24 నుంచి 48 గంటలు రక్తనాళాల నుంచి నీరు బయటికి కారుతుంది, అప్పుడు రక్తం చిక్కబడుతుంది. అందుకే వాళ్లు ప్లేట్‌లెట్ల కంటే రక్తం ఎంత చిక్కగా ఉందో చెప్పే పీసీవీ అనే అంకెని గంటలు లెక్కపెట్టి మరీ చూశారు. మొదటి రోజుల్లో 42 ఉన్నది సోమవారం సాయంత్రానికి 51కి ఎక్కింది. 20 శాతం పెరిగితే నీరు కారుతున్నట్టే అన్నారు. సెలైన్ ఎంత ఎక్కించాలో దాన్ని బట్టే నిర్ణయించారు. ప్లేట్‌లెట్లు 38 వేలకి పడ్డాయి కానీ రక్తస్రావం లేదు కాబట్టి ఎక్కించలేదు. బంధువులంతా ఫోన్లు చేసి బొప్పాయి ఆకు రసం గురించే చెబుతున్నారు. నాకు కావలసింది మాత్రం ఒకటే, ఈ 48 గంటలు గడవాలి.

అంటే బుధవారం దాకా నేను మంచం పక్కనుంచి కదలలేను. ఆ తర్వాత ఇంకో రోజు చూసి పంపుతారేమో. ఇంటికి వచ్చినా ఒక రోజు నాకు నిద్ర కావాలి. ఆ లెక్కన శుక్రవారం అని రాయడానికి వేలు వెళ్లింది కానీ రాయలేదు. పీసీవీ ఇంకోసారి ఎక్కితే శుక్రవారం పోతుంది, అప్పుడు రెండోసారి గడువు అడగాలి. క్లయింటు నమ్మకం మొదటిసారి అడిగినప్పుడు పోదు, రెండోసారి అడిగితే పోతుంది. అందుకని వచ్చే సోమవారం అని పెట్టుకున్నాను.

ఇక ఏం రాయాలి? వార్డు బయట నిలబడి ఫోన్ తీస్తే మొదట వచ్చేవి ప్లేట్‌లెట్ల అంకెలు, వాంతులు, నేను ఒక్కదాన్నే ఉన్నానన్న మాట. అవేవీ కోచింగ్ సెంటర్ సారుకి అక్కర్లేదు. ఆయన ప్రెస్సువాళ్లకి ఏం చెప్పాలో ఆయనకి తెలియాలి. పైగా అది మా ఆయన ఒంటి సంగతి, కోచింగ్ సెంటర్ ఆఫీసులో నలుగురు చదువుకునేది కాదు. చివరికి పంపింది ఇది:

"సార్, నమస్కారం. ఇంట్లో ఒకరికి ఆరోగ్యం బాగాలేక ఆసుపత్రిలో ఉన్నాం. బుధవారానికి పుస్తకం మొత్తం ఇవ్వలేను. మొదటి 4 ఫారాలు, అంటే 64 పేజీలు, దిద్దుబాట్లతో సహా పూర్తయ్యాయి. వాటి పీడీఎఫ్ ఈ రాత్రి పంపిస్తాను. మిగతా 2 ఫారాలు వచ్చే సోమవారం సాయంత్రం 5 లోపు ఇస్తాను. ప్రెస్సుకి ఇది కుదరకపోతే రేపు ఉదయం 11 లోపు చెప్పండి, ఆ 2 ఫారాలు నాకు తెలిసినవాళ్లతో చేయిస్తాను. ఫోన్ ఎత్తలేకపోవచ్చు, మెసేజ్ చూస్తాను."

ఇందులో నాకు బాగా పనికొచ్చింది ఫారాల లెక్క. పుస్తకం 16 పేజీల ఫారాలుగా అచ్చవుతుంది కాబట్టి, మొత్తం ఫైలు చేతికి రాకపోయినా ప్రెస్సు మొదటి ఫారాలకి అచ్చు ప్లేట్లు చేయించుకోగలదు. 60 పేజీలు ఇస్తానంటే వాళ్లకి మూడు ఫారాలే పనికొస్తాయి, మిగతా 12 పేజీలు ఊరికే ఉంటాయి. 64 అంటే సరిగ్గా నాలుగు. గడువు పొడిగించమని అడిగేటప్పుడు సగం పని ఇస్తే సరిపోదు, అవతలివాళ్ల పని కదలడానికి సరిపోయే ముక్క ఇవ్వాలి. ఆ ఫైళ్లు డ్రైవ్‌లో ఉన్నాయి కాబట్టి ఫోన్ నుంచే లింకు పంపేశాను.

'కుదరకపోతే చెప్పండి' అన్న వాక్యం కూడా ఊరికే మర్యాదకి రాసింది కాదు. క్లాసుల తేదీ మార్చలేకపోతే నా కష్టం ఎంత నిజమైనా ఆయన ఆగలేరు. ఆ దారి నిజంగా ఉందో లేదో కనుక్కునే రాశాను, చిక్కడపల్లిలో డీటీపీ చేసే స్నేహితురాలికి ముందే ఫోన్ చేసి అడిగి ఉంచాను.

పది నిమిషాల్లో జవాబు వచ్చింది: "అలాగేనమ్మా. నాలుగు ఫారాలు పంపండి, ప్లేట్లు మొదలుపెట్టిస్తాను. మిగతావి సోమవారం. ఎవరికి, ఏమైంది?" ఆ ఆఖరి ప్రశ్న మంచి మనసుతో అడిగిందే. "మా వారికి జ్వరం సార్, డాక్టర్లు చూస్తున్నారు. అడిగినందుకు థాంక్స్" అని రాసి ఊరుకున్నాను. మా మరిది పక్కనే ఉండి రిపోర్టు ఫొటో కూడా పెట్టు వదినా, నమ్ముతారు అన్నాడు. పెట్టలేదు. రిపోర్టులో పేరు, వయసు, పరీక్షలన్నీ ఉంటాయి, ఒకసారి వాట్సాప్‌లో వెళ్లినది వెనక్కి రాదు. ఆయన అడగలేదు కూడా. పెద్ద కంపెనీలు ఒప్పందం ప్రకారం కాగితం అడిగిన సందర్భాలు నాకు తెలుసు. అప్పుడైనా ఆసుపత్రిలో ఉన్న తేదీలు చూపించే పత్రం చాలు.

మంగళవారం రాత్రి పీసీవీ 45కి దిగింది. బుధవారం మా ఆయన ఆకలి అన్నారు. ఆ ఒక్క మాటకి నాకు ఏడుపొచ్చింది. పారాసెటమాల్ వేయకపోయినా 48 గంటలు జ్వరం రాలేదు, సెలైన్ ఆపినా పీసీవీ నిలకడగా ఉంది, ప్లేట్‌లెట్లు 62 వేలకి ఎక్కాయి. గురువారం మధ్యాహ్నం పంపించారు. ఆటో ఎక్కే ముందు క్లయింటుకి ఒక్క ముక్క రాశాను: "ఇంటికి వచ్చేస్తున్నాం సార్. సోమవారం తేదీ మారదు." ఆయన అడగకముందే ఇది చెప్పడం అవసరం అనిపించింది, మధ్యలో నాలుగు రోజులు నిశ్శబ్దంగా ఉంటే ఎవరికైనా అనుమానం వస్తుంది.

కోలుకోవడం మేమనుకున్నంత తొందరగా జరగలేదు. ఇంటికొచ్చాక అరచేతులు, అరికాళ్లు విపరీతంగా దురద పెట్టాయి, కాళ్ల మీద ఎర్రటి దద్దుర్ల మధ్య తెల్లటి మచ్చలు తేలాయి. జబ్బు తగ్గుతున్నప్పుడు ఇలాగే ఉంటుందని డాక్టర్ గారు చెప్పాక ధైర్యం వచ్చింది. నీరసం మాత్రం వారాల తరబడి ఉంది, మేడ మెట్లు సగం ఎక్కి కూర్చునేవారు.

ఆయన పడుకున్నాక శని, ఆదివారాలు 32 పేజీలు పూర్తి చేసి, సోమవారం మధ్యాహ్నానికే పంపాను. బిల్లు పంపినప్పుడు ఆసుపత్రి మాట మళ్లీ ఎత్తలేదు, క్షమాపణలూ రాయలేదు. తర్వాతి పుస్తకానికి క్లయింటే ఫోన్ చేశారు. మా ఆయన అప్పటికి ఇంకా పూర్తిగా తేరుకోలేదు, అందుకని మామూలుగా అడిగే రోజుల కంటే వారం ఎక్కువ అడిగాను. కారణం అడక్కుండానే సరేనన్నారు.